ఆరో వారం సూది, ఆ రాత్రి జ్వరం

నెలన్నర పాపకు ఒళ్ళు వేడెక్కితే పిల్లల డాక్టర్లు చెప్పేది ఒకటే మాట: ఇంట్లో ఉంచవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రెండు నెలలు నిండని బిడ్డకు చంకలో థర్మామీటర్ పెట్టినప్పుడు 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించినా దాన్ని ప్రమాద సంకేతంగానే లెక్కించాలని మన ఏఎన్ఎంలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇస్తారు. పెద్దవాళ్ళకు ఇది జ్వరం కిందే లెక్కకు రాదు. కానీ ఆ వయసు బిడ్డలో రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోలేదు. సూక్ష్మజీవి రక్తంలోకి చేరితే గంటల్లో ఒళ్ళంతా పాకుతుంది. బయటికి మాత్రం కొంచెం వేడి, కొంచెం మందకొడితనం తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. అందుకే అంత కచ్చితమైన నియమం.

సరిగ్గా ఆ వయసులోనే, ఆరో వారం నిండగానే, మనం బిడ్డకు ఒక టీకా వేయిస్తాం. అది వేసిన పిల్లల్లో సగం మందికి జ్వరం వస్తుంది. నిన్నటి దాకా ఆసుపత్రికి పరుగెత్తించే జ్వరం ఈ ఒక్క రోజుకు మామూలు జ్వరం అయిపోతుంది. ఎంతవరకు మామూలు, ఎప్పటివరకు మామూలు, ఏది కనిపిస్తే ఆ మినహాయింపు అక్కడితో రద్దయిపోతుంది అన్నదే ఈ అధ్యాయం.

ఆ టీకా పేరు పెంటావాలెంట్. ఐదు జబ్బులకు ఒకే సూది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే బాక్టీరియా తెచ్చే న్యుమోనియా, మెదడు పొరల వాపు. మన దేశ టీకాల కార్యక్రమంలో ఇది 2011 డిసెంబరులో తమిళనాడు, కేరళలతో మొదలై తర్వాత మిగతా రాష్ట్రాలకు వచ్చింది. ఆరు, పది, పద్నాలుగు వారాల్లో అర మిల్లీలీటరు చొప్పున ఎడమ తొడ ముందు భాగంలో, కొంచెం బయటి వైపుకు, కండలోకి వేస్తారు. ఆ రోజు బిడ్డ ఒంటి మీద ఇంకా చాలా జరుగుతాయి. కుడి తొడకు న్యుమోకోకల్ టీకా, కుడి భుజానికి చర్మంలోకి పోలియో సూది, నోట్లో పోలియో చుక్కలు, రోటావైరస్ మందు. ఎడమ భుజం మీద పుట్టినప్పుడు వేసిన బీసీజీ గుర్తు సరిగ్గా ఈ వారాల్లోనే పొక్కులా లేస్తుంటుంది. ఏ సూది ఎక్కడ వేశారో అమ్మకు తెలిసి ఉండాలి. లేకపోతే బీసీజీ పొక్కులో చీము చూసి ఇవాళ్టి సూది చీము పట్టిందని భయపడతారు. ఆ పొక్కు చితికి, పుండై, మూడో నెలకల్లా దానంతటదే మచ్చగా మారుతుంది. దానికి మందు రాయనక్కర్లేదు, గట్టిగా ఒత్తకూడదు, అంతే.

జ్వరం తెచ్చేది ఈ ఐదింటిలో ప్రధానంగా కోరింత దగ్గు భాగం. ప్రభుత్వ కేంద్రాల్లో వేసే టీకాలో కోరింత దగ్గు బాక్టీరియాను చంపి, కణాన్ని కణంగానే పెడతారు. దాని పైగోడలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. బాక్టీరియా చచ్చినా, ఆ పదార్థం కనబడగానే మన తెల్లకణాలు శత్రువు వచ్చాడనే అనుకుంటాయి. అవి విడుదల చేసే రసాయన సంకేతాలు రక్తం ద్వారా మెదడుకు చేరతాయి. మెదడులో శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే భాగం అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం పెరగడంతో తన లక్ష్యాన్ని ఒకటి రెండు డిగ్రీలు పైకి జరుపుకుంటుంది. కాళ్ళు చేతులు చల్లబడి, పొట్ట, నుదురు కాలిపోతున్నట్టు ఉండడం ఆ సమయంలోనే. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీనే తగ్గిస్తుంది. టీకాను అది కడిగేయదు. రోగకారణాన్నీ అది చంపదు. ఈ రెండో మాట తర్వాత మళ్ళీ పనికొస్తుంది.

సూది చోట వాపుకు కారణం వేరే ఉంది. మందు ఒక్కసారిగా రక్తంలో కలిసిపోకుండా, రోగనిరోధక కణాలు అక్కడికి చేరేలా టీకాలో అల్యూమినియం లవణం కలుపుతారు. ఆ కణాలు గుమిగూడే చోటే ఎర్రదనం, వేడి, నొప్పి, వాపు. బిడ్డ ఆ కాలు కదపడానికి ఇష్టపడదు, లంగోటా మారుస్తుంటే కేర్‌మంటుంది.

ప్రైవేటు ఆసుపత్రుల్లో నొప్పి లేని సూది అని చెప్పి వేసే రకంలో కోరింత దగ్గు కణం మొత్తం ఉండదు, దాన్నుంచి వేరుచేసిన కొన్ని ప్రోటీన్లే ఉంటాయి. అందుకని జ్వరం, వాపు తక్కువ. కానీ ఆ రకం ఇచ్చే రక్షణ త్వరగా సన్నగిల్లుతుంది. ఒక రాత్రి జ్వరం తప్పించుకోవడానికి మాత్రమే దాన్ని ఎంచుకోవడం నా దృష్టిలో లాభసాటి బేరం కాదు.

ఇప్పుడు ఒక పాపను తీసుకుందాం. నలభై నాలుగు రోజుల వయసు, నాలుగున్నర కిలోల బరువు, నెలలు నిండి పుట్టింది, తల్లిపాలు తాగుతోంది. బుధవారం ఉదయం పదిన్నరకు టీకాలు వేశారు. ఏఎన్ఎం అరగంట కూర్చోమంది. ఆ అరగంట రద్దీ వల్ల చెప్పిన మాట కాదు. టీకా పడకపోవడం అనే తీవ్రమైన ఎలర్జీ పది లక్షల సూదుల్లో ఒకదానికి వస్తుంది. వస్తే చాలావరకు నిమిషాల్లోనే మొదలవుతుంది. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు కళ్ళ చుట్టూ వాపు, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతల్లాంటి శ్వాస, వరసగా వాంతులు, ఒళ్ళు పాలిపోయి వేలాడిపోవడం. దీనికి మందు ఎడ్రినలిన్ సూది, తొడ కండకు, ఆ క్షణంలో. అది టీకా కేంద్రంలో ఉంటుంది, ఇంట్లో ఉండదు. ఆటో ఎక్కాక మొదలైతే ఇంటికి కాదు, వెనక్కి తిప్పాలి.

మన పాపకు అలాంటిదేమీ లేదు. మధ్యాహ్నం రెండింటిదాకా మామూలుగా పాలు తాగి నిద్రపోయింది. మూడింటికి చిరాకు మొదలైంది. నాలుగున్నరకు ఎడమ తొడ మీద రూపాయి బిళ్ళంత ఎరుపు, తాకితే గట్టిగా ఉంది. ఏడింటికి ఒళ్ళు వేడి. చంకలో డిజిటల్ థర్మామీటర్ 100.8 చూపించింది. ఇది పుస్తకంలో రాసినట్టుగా వచ్చిన టీకా జ్వరం. సాధారణంగా సూది పడ్డ ఆరు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల మధ్యలో మొదలై, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

కొలిచే తీరు గురించి కాస్త చెప్పాలి. చాలా ఇళ్ళలో పాపకు టోపీ, స్వెటర్, మీద దుప్పటి వేసి, ఆ మూటలోంచే జ్వరం చూస్తారు. చుట్టి పెట్టిన బిడ్డకు జ్వరం లేకపోయినా ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ రావచ్చు. బట్టలు వదులు చేసి, పది పదిహేను నిమిషాలు ఆగి, చంకలో చెమట తుడిచి, థర్మామీటర్ కొన చర్మానికి ఆనేలా పెట్టి, చేతిని పక్కకు ఆనించి బీప్ వినిపించేదాకా పట్టుకోవాలి. అంకెనూ గంటనూ ఒక కాగితం మీద రాసుకోవాలి. మర్నాడు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.

మన పాప ఇంట్లో నానమ్మ అడిగింది: "ఏమ్మా, ఆ తొడకు కాస్త కాపడం పెడదామా? గడ్డ కరుగుతుంది." కోడలు "వద్దత్తయ్యా, చల్లటి గుడ్డ పెట్టమంది నర్సమ్మ" అంది. నర్సమ్మ చెప్పిందే సరైనది. అక్కడ ఇప్పటికే రక్తనాళాలు వ్యాకోచించి ఉన్నాయి. కాపడం పెడితే వాపు ఇంకా పెరుగుతుంది. పైగా పసిబిడ్డ చర్మం తొందరగా కాలుతుంది. నీళ్ళలో తడిపి పిండిన మెత్తని బట్ట ఐదు పది నిమిషాలు ఉంచితే చాలు. ఐసుగడ్డ నేరుగా పెట్టకూడదు. పసుపు, సున్నం, నూనె ఏదీ రాయకూడదు, రుద్దకూడదు. సూది రంధ్రం చిన్నదే కావచ్చు, అది చర్మంలో తెరుచుకున్న దారి. ఆ రెండు రోజులు నలుగు పెట్టేటప్పుడు ఆ తొడను వదిలేయాలి.

తర్వాత మందు. పారాసిటమాల్‌కు లెక్క బరువు మీద ఉంటుంది: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి, రోజులో నాలుగు సార్లకు మించకుండా. నాలుగున్నర కిలోల పాపకు 45 నుంచి 67 వస్తుంది, అంటే 50 మిల్లీగ్రాములు సరిపోతుంది. ఇక్కడే తప్పు జరుగుతుంది. మందుల షాపులో దొరికే చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్ సాధారణ రకంలో ఐదు మిల్లీలీటర్లకు 125, అంటే మిల్లీలీటరుకు 25. రెండింటికీ పేరు ఒకటే, సీసాలూ ఒకే రంగు కావచ్చు. మన పాపకు చుక్కల మందైతే అర మిల్లీలీటరు, సిరప్ అయితే రెండు మిల్లీలీటర్లు. పక్కింటావిడ తన బిడ్డకు రెండు మిల్లీలీటర్లు పట్టానని చెప్పిందని చుక్కల మందు రెండు మిల్లీలీటర్లు పడితే 200 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి, కావలసినదానికి నాలుగింతలు. అలా రెండు మూడు సార్లు పడితే కాలేయం దెబ్బతింటుంది. 500 మాత్రలో పావు ముక్క అంటే 125, అదీ ఈ బరువుకు ఎక్కువే. అందుకే టీకా వేసిన చోటే బిడ్డను తూకం వేయించి, ఏ సీసా, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది కార్డు వెనకాల రాయించుకోవాలి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. ఐబూప్రొఫెన్ ఈ వయసుకు తగదు.

జ్వరం రాకముందే మందు పట్టేయవచ్చా? వద్దు. 2009లో చెక్ రిపబ్లిక్ పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, టీకాతో పాటే ముందుజాగ్రత్తగా పారాసిటమాల్ పట్టిన పిల్లలకు జ్వరం తగ్గిన మాట నిజమేగాని, కొన్ని జబ్బులకు యాంటీబాడీలు కూడా తక్కువగా తయారయ్యాయి. జ్వరం వచ్చి బిడ్డ ఇబ్బంది పడుతున్నప్పుడు ఇస్తే చాలు. థర్మామీటర్ అంకెను తగ్గించడానికి కాదు, బిడ్డ కాస్త తెరిపిన పడి పాలు తాగడానికి ఇస్తాం.

మందు విషయంలో మన దగ్గరే జరిగిన ఒక విషాదం గుర్తుంచుకోవాలి. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో పెంటావాలెంట్ వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం మాత్రలంటూ పొరపాటున ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. అది పెద్దవాళ్ళకు ఆపరేషన్ల తర్వాత ఇచ్చే తీవ్రమైన నొప్పి మందు. పసిబిడ్డల శ్వాసను అణిచేస్తుంది. పిల్లలు మగతలోకి జారారు, ఊపిరి ఆడక నీలోఫర్ ఆసుపత్రికి చేరారు, ప్రాణాలు పోయాయి. మొదట అందరి వేళ్ళూ టీకా వైపే చూపాయి. ఇందులో తల్లిదండ్రులకు పనికొచ్చే విషయం రెండు రకాలుగా ఉంది. మాత్ర పట్టీ మీద పారాసిటమాల్ అన్న పేరు చదవనిదే, చదివించనిదే బిడ్డ నోట్లో వేయకూడదు. రెండోది, టీకా జ్వరం బిడ్డను చిరాకు పెడుతుంది, ఏడిపిస్తుంది, నిద్ర కాస్త ఎక్కువ చేస్తుందేమో గాని లేపినా లేవని మగతలోకి నెట్టదు. పాలకు లేపితే లేవకపోతే, కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తుంటే, టీకా వేయించి వచ్చాంగదా అని సరిపెట్టుకోకూడదు.

మన పాప సంగతికి వద్దాం. ఏడున్నరకు అర మిల్లీలీటరు చుక్కల మందు పట్టారు. గంటకు 99.8కి దిగింది. పాలు తాగింది. రాత్రి ఒంటిగంటకు మళ్ళీ 100.6. గురువారం ఉదయానికి 99.4, సాయంత్రానికి మామూలు. తొడ మీద ఎరుపు తగ్గి, శనగగింజంత గట్టి గడ్డ మిగిలింది. ఆ గడ్డ కొన్ని వారాలు ఉంటుంది. నొప్పి లేకుండా, రోజురోజుకీ చిన్నదవుతున్నంతకాలం దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇదే కథ ఒక్కచోట మారిందనుకోండి. గురువారం తగ్గింది, శుక్రవారం సాయంత్రం మళ్ళీ 101 వచ్చింది. అంకె బుధవారం కంటే పెద్ద ఎక్కువేం కాదు. కానీ సూది పడి యాభై ఆరు గంటలయింది. పెంటావాలెంట్ జ్వరానికి 48 గంటలు దాటాక సాకు లేదు. పోయిన జ్వరం తిరిగి రావడానికి అసలే లేదు. ఆ క్షణం నుంచి ఈ పాప టీకా వేసుకున్న పాప కాదు, కారణం తెలియని జ్వరంతో ఉన్న నలభై ఆరు రోజుల పాప. మొదటి పేరాలో చెప్పిన నియమం మళ్ళీ అమల్లోకి వస్తుంది. మందు పట్టి చూద్దాం, పొద్దున వెళ్దాం అనకూడదు. పారాసిటమాల్ రక్తంలో చేరిన బాక్టీరియా తెచ్చిన జ్వరాన్ని కూడా దించుతుంది. దిగినంత మాత్రాన అది టీకా జ్వరమని రుజువు కాదు. ఆ వయసులో రక్తం, మూత్రం పరీక్షించి, అవసరమైతే వెన్నునీరు తీసి చూడాలని డాక్టరు అంటే దాని వెనక ఇంత కారణం ఉంది.

గడియారం ఒక్కటే చాలదు. మొదటి 48 గంటల్లో కూడా బిడ్డ నడత చెప్పేదే ఎక్కువ. టీకా వేయించుకున్న రోజే వేరే ఇన్‌ఫెక్షన్ మొదలుకాకూడదన్న నియమం ఎక్కడా లేదు. ముందు చూడాల్సింది పాలు. జ్వరంలో ఒక పూట కొంచెం తక్కువ తాగడం వేరు, రెండు మూడు సార్లు పట్టినా చప్పరించే ఓపిక లేక వదిలేయడం వేరు. ఆరేడు గంటలుగా లంగోటా తడవకపోతే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం.

తర్వాత ఊపిరి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ పొట్ట పైకి లేవడాన్ని నిండు నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే పసిపిల్లల శ్వాస కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది. రెండు నెలల లోపు 60, ఆ తర్వాత ఏడాది దాకా 50, అంతకు చేరినా దాటినా మరోసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే వస్తే, లేదా డొక్కలు లోపలికి లాక్కుపోతుంటే, మూలుగుతుంటే, పెదవులు నీలంగా ఉంటే 108కి ఫోన్ చేయాలి. జ్వరం 102కి చేరినా ఈ వయసులో డాక్టరు చూడాల్సిందే. ఒళ్ళు చల్లబడిపోవడం జ్వరమంత ప్రమాదం. చంకలో 95.9 కంటే తక్కువ చూపిస్తే, పొట్ట కూడా చల్లగా తగిలితే, అది జ్వరం తగ్గిన సంబరం కాదు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉన్న పసికందులు చాలామంది అలాగే చల్లబడతారు. నడినెత్తి మీది మెత్తని మాడు బిడ్డ ఏడవనప్పుడు కూడా ఉబ్బి ఉండడం, వేలితో ఒత్తినా మాయని ఎర్రటి, ఊదారంగు మచ్చలు, ఆకుపచ్చటి వాంతి, వీటిలో ఏదున్నా గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు.

ఏడుపు గురించి తల్లులు ఎక్కువగా అడుగుతారు. ఎత్తుకుంటే, పాలిస్తే, ఊపితే ఆగి, మళ్ళీ మొదలయ్యే ఏడుపు మామూలే. ఏం చేసినా ఆగక మూడు గంటలకు పైగా ఏకధాటిగా ఏడిస్తే దాన్ని టీకా దుష్ప్రభావాల్లో ఒకటిగా నమోదు చేస్తారు. సూది నొప్పే కారణమై, ఒక రోజులో పోతుంది. అయినా బిడ్డను డాక్టరుకు చూపించాలంటాను, ఎందుకంటే ఆ ఏడుపు వెనక ఇంకేమీ లేదని తేల్చుకోవాలి. ముఖ్యంగా ఉండుండి కాళ్ళు పొట్టకేసి ముడుచుకుని కేకలు పెట్టి, మధ్యలో నీరసంగా పడిపోతూ, వాంతులు చేసుకుంటూ, రక్తం జిగురు కలిసిన విరేచనం అయితే అది పేగులో పేగు దూరిన లక్షణం. రోటావైరస్ మందు పడిన తర్వాతి వారంలో చాలా అరుదుగా ఇలా జరగవచ్చు, మందు పడకపోయినా జరగవచ్చు. గంటల్లో శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి చేరాలి.

తల్లిదండ్రుల గుండె జారిపోయే ఘటన ఇంకొకటి ఉంది. సూది పడ్డ కొన్ని గంటలకు, 48 గంటల్లోపు, బిడ్డ ఉన్నట్టుండి పాలిపోయి, కాళ్ళూ చేతులూ వేలాడేసి, పిలిచినా స్పందించకుండా అయిపోతుంది. కోరింత దగ్గు కణాలున్న టీకాతో వేలల్లో ఒకరికి కనిపిస్తుంది. సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి అరగంటలో తేరుకుంటారు, తర్వాత ఏ లోపమూ మిగలదు. అది తర్వాత తెలిసే సంగతి. అది జరుగుతున్నప్పుడు చూసేవాళ్ళకు ఎలర్జీ షాక్‌కూ, ఫిట్స్‌కూ, దీనికీ తేడా తెలియదు, తెలియాలనీ అనను. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి ఆడుతోందా చూస్తూ, 108కి ఫోన్ చేయాలి. నోట్లో నీళ్ళు గాని, పాలు గాని పోయకూడదు.

ఫిట్స్ విషయంలో కూడా ఇదే. జ్వరంతో వచ్చే మామూలు ఫిట్స్ ఆరు నెలల నుంచి ఐదేళ్ళ మధ్య పిల్లల్లో చూస్తాం. ఆరో వారంలో ఫిట్స్ వస్తే జ్వరం వల్లే అని వదిలేయడానికి లేదు. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1970ల్లో బ్రిటన్‌లో కోరింత దగ్గు టీకా మెదడును దెబ్బతీస్తుందన్న ప్రచారంతో టీకా వేయించేవాళ్ళు సగానికి పైగా తగ్గిపోయారు, కోరింత దగ్గు పెద్ద ఎత్తున తిరిగొచ్చి పిల్లలు చనిపోయారు. 2006లో ఆస్ట్రేలియా వైద్యుడు శామ్యూల్ బెర్కోవిచ్ బృందం, టీకా వల్లే మెదడు దెబ్బతిందని భావించిన 14 మందిని పరీక్షిస్తే, 11 మందిలో ఎస్‌సీఎన్1ఎ అనే జన్యువులో లోపం బయటపడింది. వాళ్ళది పుట్టుకతో వచ్చిన తీవ్రమైన మూర్ఛ వ్యాధి. టీకా జ్వరం దాన్ని ఆ రోజు బయటపెట్టింది, లోపాన్ని మాత్రం సృష్టించలేదు. ఆ ఇళ్ళవాళ్ళు టీకాను నిందించడం అర్థం చేసుకోదగ్గదే. కాని అసలు జబ్బు పేరు తెలియక సరైన మందు అందని ఏళ్ళు ఎన్నో పోయాయి. టీకా తర్వాత ఫిట్స్ వస్తే పరీక్షలు చేయించమనేది ఇందుకే.

మళ్ళీ తొడ దగ్గరికి వద్దాం. మామూలు వాపు మొదటి రెండు రోజుల్లో పెరిగి ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. మొదటి రోజు సాయంత్రం ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో చిన్న గీత గీసి పెట్టండి. మూడో రోజు ఎరుపు ఆ గీత దాటి పాకుతుంటే, వేడి, నొప్పి పెరుగుతుంటే, అది ఇన్‌ఫెక్షన్. వాపు మోకాలు దాటినా, తుంటి దాకా పాకినా, మూడు రోజులకు తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి. వారం నాటికి గడ్డ మెత్తబడి, నొక్కితే లోపల నీళ్ళు కదిలినట్టు ఉంటే చీము పట్టినట్టు. దాన్ని ఇంట్లో పిండకూడదు. ఆ బిడ్డ సంగతి ఏఎన్ఎంకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అదే సీసాలోంచి మందు తీసి వేసిన మరో బిడ్డకూ అలా ఉండవచ్చు. టీకా తర్వాత వచ్చిన ఏ తీవ్ర సమస్యనైనా నమోదు చేసి కారణం తేల్చే ఏర్పాటు ప్రభుత్వంలో ఉంది. అది కదలాలంటే మొదటి కబురు ఇంటి నుంచే అందాలి.

గడియారం లెక్క ఈ టీకాదే, అన్నిటికీ వర్తించదు. తొమ్మిదో నెలలో వేసే తట్టు, రుబెల్లా టీకాలో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది, అది ఒంట్లో పెరగడానికి సమయం పడుతుంది. కనుక దాని జ్వరం వారం నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తుంది.

పదో వారం సూది రోజు ఏఎన్ఎం అడిగినా అడగకపోయినా ఆరో వారం రాత్రి ఏం జరిగిందో చెప్పండి. జ్వరం వచ్చింది, వాచింది, ఏడ్చింది అంటే సూది ఆపరు, ఆపకూడదు. టీకాకు తీవ్రమైన ఎలర్జీ వచ్చిన బిడ్డకు, టీకా తర్వాత వారం లోపు మరో కారణం దొరకని మెదడు జబ్బుతో స్పృహ తప్పిన బిడ్డకు మాత్రం ఆ సూది మళ్ళీ వేయరు. ఫిట్స్ వచ్చినా, ఒళ్ళు వేలాడేసినా తర్వాతి సూది ఎప్పుడు, ఏ రకం అన్నది పిల్లల డాక్టరే నిర్ణయించాలి. మిగతా అందరికీ పదో వారం, పద్నాలుగో వారం సూదులు సమయానికి పడాలి. కోరింత దగ్గు ప్రాణాలు తీసేది ఎక్కువగా మూడు నెలల లోపు పిల్లలనే.